బెంగళూరు నుంచి జర్మనీకి ఎక్కువైన లగేజీ: ఎయిర్‌లైన్‌కి కట్టాలా, కొరియర్‌లో వేయాలా, కార్గోకి ఇవ్వాలా?

జర్మనీలో వింటర్ సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది. అందుకే సెప్టెంబరు వచ్చిందంటే మారతహళ్లి, కేఆర్ పురం వైపు తెలుగు ఇళ్లలో ఒకటే తర్జనభర్జన. టికెట్‌లో 23 కిలోల పెట్టె ఒకటో రెండో ఉంటుంది. సర్దిన సామాను చూస్తే ఇంకో ఇరవై కిలోలు మిగిలి ఉంటుంది. అమ్మ కుక్కర్ తీయనివ్వదు, నాన్న బొంత తీయనివ్వడు, పిల్లాడు పుస్తకాలు తీయడు. ఎయిర్‌లైన్‌కి ఇంకో పెట్టెకి డబ్బు కడదామని ఒకరు, "కొరియర్‌లో చాలా చీప్ అట" అని ఇంకొకరు, ఎవరో చుట్టాలబ్బాయి కార్గోలో పంపాడని మరొకరు అంటారు.

మూడూ పనిచేసేవే. కాకపోతే ఒక్కోదాని లెక్క ఒక్కోలా ఉంటుంది. చాలామంది కిలో రేటు ఒక్కటే పోల్చి నిర్ణయం తీసుకుంటారు. అసలు తేడా కిలో రేటులో లేదు. డబ్బు దేన్ని కొలిచి తీసుకుంటున్నారు, సామాను మనిషితో పాటు దిగుతోందా విడిగా దిగుతోందా, దిగేనాటికి అక్కడ తలుపు మీద మన పేరు ఉందా అన్న మూడు విషయాల్లో ఉంది. చెన్నై నుంచి వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. విమానాశ్రయం పేరు మారుతుందంతే.

డబ్బు దేనికి తీసుకుంటున్నారు?

యూరప్ వెళ్లే ఎయిర్‌లైన్లలో చాలావరకు పెట్టెల లెక్కనే నడుస్తాయి. అదనంగా ఒక పెట్టె కొంటే అందులో 23 కిలోల వరకు పెట్టుకోవచ్చు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్లు దాటకూడదు. అందులో మీరు 12 కిలోలు పెట్టినా 23 పెట్టినా ధర ఒకటే. కొన్ని గల్ఫ్ మీదుగా వెళ్లే టికెట్లలో పెట్టెల లెక్క కాకుండా మొత్తం కిలోల లెక్క ఉంటుంది, అక్కడ అదనపు ప్రతి కిలోకీ విడిగా తీసుకుంటారు. మీ టికెట్ ఏ రకమో ముందు చూసుకోండి. ఏ రకమైనా ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే మామూలుగా చెక్ ఇన్‌లో తీసుకోరు, డబ్బు కడతామన్నా సరే.

కొరియర్ వాళ్ల లెక్క వేరు. పెట్టె బరువు ఒకటి తూస్తారు, పరిమాణం నుంచి ఇంకో బరువు కడతారు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తే వచ్చేదే ఆ రెండో బరువు. కార్గోలో భాగించేది 6000తో, అంటే అదే పెట్టెకి కాస్త తక్కువ పడుతుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. ధరలు నేను లెక్క కోసం అనుకుంటున్నవి, మీరు మీ ఎయిర్‌లైన్ ధర, మీ ఏజెంట్ రేటు పెట్టుకుని ఇదే చేసుకోండి. ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే అదనపు పెట్టె 11,000 రూపాయలు అనుకుందాం. కొరియర్ కిలోకి ఫ్యూయల్ సర్‌చార్జితో కలిపి 650 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే కిలోకి 767. పదకొండు వేలని 767తో భాగిస్తే 14 కిలోల చిల్లర వస్తుంది. బిల్లు పడే బరువు 14 కిలోల లోపైతే కొరియర్, దాటితే ఎయిర్‌లైన్ పెట్టె చవక. ఎనిమిది కిలోల పొడులు, పచ్చళ్ల డబ్బా కొరియర్‌లో 6,136 అవుతుంది, పెట్టె కొనడం దండగ. ఇరవై కిలోల పుస్తకాలూ గిన్నెలూ అయితే 15,340, అక్కడ కొరియర్ దండగ.

ఏజెంటు రేటు అడిగినప్పుడు "జీఎస్టీ, ఫ్యూయల్ కలిపేనా?" అని రెండో ప్రశ్న కూడా అడగండి. ఫోన్లో చెప్పే రేటులో చాలాసార్లు అవి ఉండవు.

ఇక బొంతా దిండూ చలికోట్ల సంగతి. ఇవన్నీ ఒక అట్టపెట్టెలో సర్దితే 16 కిలోలు తూగింది అనుకోండి. పెట్టె కొలతలు 60, 45, 45. గుణిస్తే 1,21,500. ఐదు వేలతో భాగిస్తే 24.3, అర కిలోకి పైకి సవరించి 24.5 కిలోలకి బిల్లు వేస్తారు. 767తో గుణిస్తే దాదాపు 18,800. అదే పెట్టె కొలతలు కలిపితే 150 సెంటీమీటర్లు, అంటే ఎయిర్‌లైన్ 158 లోపే ఉంది. 11,000కి వెళ్లిపోతుంది, పైగా ఇంకో ఏడు కిలోలు అందులో పెట్టుకునే చోటు ఉంది.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది అట్టపెట్టె పొట్ట. కొరియర్ షాపులో టేపు పెట్టేది పెట్టె మూల దగ్గర కాదు, బాగా ఉబ్బిన చోట. బొంత కుక్కిన పెట్టె నడుము దగ్గర వెడల్పులోనూ ఎత్తులోనూ మూడేసి సెంటీమీటర్లు ఉబ్బితే 60, 48, 48 అవుతుంది. లెక్క 27.65కి చేరి 28 కిలోల బిల్లు పడుతుంది. లోపల ఒక్క రుమాలు కూడా పెరగలేదు, ఉబ్బుకి మాత్రం సుమారు 2,700 రూపాయలు. మీ ముందే కొలవమనండి. కొలిచాక ఒకసారి కొలతలు ఫోన్లో ఫొటో తీసుకోండి, ఎందుకంటే హబ్‌లో మళ్లీ కొలిచి తేడా బిల్లు పంపడం మామూలే.

కాబట్టి మెత్తగా ఉండి చోటు తినేవన్నీ ఎయిర్‌లైన్ పెట్టెలోకి. చిన్నగా ఉండి బరువున్నవి, అదీ కొద్ది కిలోలే అయితే, కొరియర్‌కి. చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా చేస్తారు, బొంత కొరియర్‌లో వేసి పుస్తకాలు సూట్‌కేసులో పెడతారు.

ఎయిర్‌లైన్ వైపు ఒక్క హెచ్చరిక. ఈ లెక్కంతా ముందుగా ఆన్‌లైన్‌లో కొన్న ధరకే. దేవనహళ్లిలో కౌంటర్ దగ్గర తీసుకునే ధర సాధారణంగా ఇంతకన్నా ఎక్కువ. పెట్టెలు 23 దాటి 32 లోపు ఉంటే అధిక బరువు ఫీజు అని వేరే ఉంటుంది, అది కొత్త పెట్టె ధరకి దగ్గరగా ఉండే ఎయిర్‌లైన్లూ ఉన్నాయి. అప్పుడు రెండు పెట్టెల్లో ఒక్కో దాంట్లో నాలుగు కిలోలు ఎక్కువ పెట్టడం కన్నా మూడో పెట్టె కొనడమే నయం. హైదరాబాద్ నుంచో తిరుపతి నుంచో వేరే టికెట్ మీద విమానంలో బెంగళూరు వచ్చి ఎక్కేవాళ్లు ఇంకోటి గమనించాలి. దేశంలో తిరిగే విమానంలో ఉచితం సాధారణంగా 15 కిలోలే. రెండూ ఒకే బుకింగ్‌లో లేకపోతే మొదటి మెట్టులోనే డబ్బు కట్టాలి.

కస్టమ్స్: మనిషితో దిగిన పెట్టె, మనిషి లేకుండా దిగిన పెట్టె

జర్మనీలో విమానం దిగే ప్రయాణికుడు తన వాడుక సామానుతో పాటు 430 యూరోల విలువ వరకు కొత్త వస్తువులు పన్ను లేకుండా తీసుకెళ్లవచ్చు. అదే సామాను ఇంటి నుంచి కొరియర్‌లో కానుకగా వెళితే పన్ను లేని హద్దు 45 యూరోలు. దాదాపు పదో వంతు. యూరో వంద రూపాయలు అనుకుంటే నాలుగున్నర వేలు. రెండు కొత్త జీన్స్, ఒక స్వెటర్ పెడితే చాలు, దాటిపోతుంది. 45 దాటి 700 యూరోల లోపున్న కానుకలకి జర్మనీ కస్టమ్స్ 17.5 శాతం దాకా ఏకమొత్తంగా వేయగలదు. 150 యూరోల పెట్టె మొత్తం మీద పడితే సుమారు 26 యూరోలు. దానికి తోడు, మన తరఫున పన్ను ముందు కట్టినందుకు కొరియర్ కంపెనీ తన ఫీజు వేస్తుంది. చిన్న పెట్టెల విషయంలో పన్ను కన్నా ఈ ఫీజే మంట పుట్టిస్తుంది.

అయితే విద్యార్థికి ఒక మంచి దారి ఉంది, ఏజెంట్లు దాని ఊసెత్తరు. చదువుకోవడానికి వచ్చినవాళ్ల బట్టలు, దుప్పట్లు, చదువు సామగ్రి, గదికి కావలసిన మామూలు వస్తువులకు దిగుమతి సుంకం వద్దని యూరోపియన్ యూనియన్ 1186/2009 నియమావళిలో ఉంది. బట్టలూ దుప్పట్లూ కొత్తవైనా సరే. యూనివర్సిటీ అడ్మిషన్ పత్రం, పాస్‌పోర్టు నకలు, సామాను జాబితా పెట్టెతో పాటు ఉండాలి, పెట్టె విద్యార్థి పేరు మీదే ఉండాలి. తినేవి ఈ మినహాయింపులోకి రావు. అందుకే బట్టల పెట్టెలో ఒక మూల పచ్చడి డబ్బా ఇరికించారంటే, శుభ్రంగా పోవలసిన పెట్టెకి చేతులారా అనుమానం తగిలించినట్టే.

షాపులో జరిగేది వేరే కథ. "గిఫ్ట్ అని వేసేద్దాం సార్, వాల్యూ రెండు వేలు, అందరికీ అంతే చేస్తాం" అని ఏజెంటు తెలుగులోనే ధైర్యం చెబుతాడు. వాడికి అది రోజూ చేసే పని. పెట్టె పోతేనో నలిగితేనో మీకొచ్చే పరిహారం ఆ రెండు వేలని దాటదు. అక్కడ తెరిచి చూసి బిల్లు ట్యాగులతో కొత్త జాకెట్ కనబడితే వివరణ ఇచ్చుకోవలసింది పిల్లాడు, ఏజెంటు కాదు. పైగా తన సామాను తనే పంపుకుంటే అది కానుక ఎలా అవుతుంది?

తిండి విషయంలో రెండు దారులకీ ఒకటే గోడ. మాంసం, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి సూట్‌కేసులో తెచ్చినా, పార్సిల్‌లో పంపినా కుదరదు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి డబ్బా, పాలకోవా అన్నీ అందులోకే వస్తాయి. ఆవకాయ, గోంగూర, కందిపొడి లాంటివాటికి ఆ చిక్కు లేదు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా పంపకండి, తీసుకెళ్లకండి. ఇంకొకటి చాలామందికి తెలియదు: ఎండు కొబ్బరి చిప్పలు విమానంలో నిషిద్ధం. నూనె వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకోగలిగే సరుకుల జాబితాలో అవి ఉన్నాయి. స్కానర్‌లో గుండ్రంగా కనబడగానే పెట్టె తెరిపిస్తారు.

మందులు మాత్రం సూట్‌కేసులోనే పెట్టాలి, మరో ఆలోచన వద్దు. జర్మనీకి బయటి దేశాల నుంచి మామూలు మనుషులు పార్సిల్‌లో మందులు తెప్పించుకోవడానికి వీల్లేదు. ప్రయాణికుడు మాత్రం తన వాడకానికి మూడు నెలలకి సరిపడా వెంట తీసుకెళ్లవచ్చు. డోలో, థైరాయిడ్ మాత్రలు, ఆయుర్వేదం డబ్బా "తర్వాత కొరియర్ చేద్దాంలే" అని పక్కన పెట్టకండి. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు ఏ పెట్టెలోనూ కాదు, చేతి సంచిలోనే.

చేరేనాటికి చిరునామా ఉందా?

ఇది చిన్నగా కనబడే పెద్ద విషయం. జర్మనీలో పార్సిల్ తెచ్చేవాడు ఫ్లాట్ నంబరు చూడడు, బెల్లు మీదా పోస్టు డబ్బా మీదా ఉన్న ఇంటిపేరు చూస్తాడు. మొదటి వారాల్లో పిల్లలు తాత్కాలికంగా ఎవరి గదిలోనో ఉంటారు, బెల్లు మీద వాళ్ల పేరు ఉండదు. పార్సిల్ ఇవ్వలేక వెనక్కి వచ్చేస్తే మళ్లీ పంపే ఖర్చు మనదే. అందుకే పిల్లాడు ఎక్కిన రోజే కొరియర్ వేయడం తొందరపాటు. గది ఖాయమై, పేరు అంటించాక ఫొటో పెట్టమనండి, అప్పుడు పంపండి. ఇంకెవరి గదిలోనైనా ఉంటే ఆ ఇంటివాళ్ల పేరు కూడా చిరునామాలో రాయాలి.

ఆలస్యంగా పంపడంలో ఒక లాభమూ ఉంది. అక్కడ ఏం దొరుకుతోందో అప్పటికి తెలిసిపోతుంది. బియ్యం, పప్పులు, మసాలాలు ఇండియన్ షాపుల్లో ఉంటాయి. సగం జాబితా దానంతటదే చెరిగిపోతుంది.

కార్గో ఎవరికి?

కార్గో అంటే పెట్టెను మన వెంట కాకుండా విమానం సరుకు విభాగంలో, ఏజెంటు ద్వారా వ్యక్తిగత సామానుగా బుక్ చేయడం. పాస్‌పోర్టు, వీసా, టికెట్ నకళ్లు, సామాను జాబితా ఇవ్వాలి, ఇక్కడి కస్టమ్స్ పరీక్ష ఉంటుంది. రేటు మెట్లుగా ఉంటుంది: కనీస చార్జి, 45 కిలోల లోపు, 45 పైన, 100 పైన. 45 దాటాకే కిలో రేటు దిగుతుంది. ఇరవై కిలోలకి కార్గో అడిగితే ఇక్కడి ఏజెంటు ఫీజు, డాక్యుమెంట్ల ఖర్చు కలిసి కొరియర్‌ని దాటేస్తుంది.

అంతకన్నా ముఖ్యం, ఆ ధర ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకే. ఫ్రాంక్‌ఫర్ట్ కార్గోలో దిగిన పెట్టెని కెమ్నిట్జ్‌లోనో ఆఖెన్‌లోనో ఉన్న పిల్లాడు వెళ్లి విడిపించుకోవాలి, లేదా బ్రోకర్‌ని పెట్టుకోవాలి. అక్కడి హ్యాండ్లింగ్ చార్జి, గడువు దాటితే రోజువారీ గోదాం అద్దె కూడా ఉంటాయి. కొత్తగా దిగి బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్స్, వీసా పత్రాల టెన్షన్‌లో ఉన్నవాడికి ఈ పని పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఉద్యోగం మీద కుటుంబంతో మకాం మారుస్తున్నవాళ్లకి మాత్రం కార్గోయే సరైనది. వందా నూటయాభై కిలోలు ఉంటాయి, కంపెనీ తరఫున చిరునామా ఉంటుంది. వాళ్లకి మకాం మార్పు మినహాయింపు కూడా వస్తుంది: అంతకుముందు కనీసం 12 నెలలు యూరోపియన్ యూనియన్ బయట నివసించి ఉండాలి, వస్తువులు కనీసం ఆరు నెలలు వాడినవై ఉండాలి, అక్కడ నివాసం ఏర్పరచుకున్న 12 నెలల్లో దిగుమతి కావాలి. తెచ్చాక 12 నెలల దాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. ప్రయాణానికి వారం ముందు కొన్న కొత్త మిక్సీ ఇందులోకి రాదన్నమాట.

పోస్టాఫీసు పార్సిల్ కూడా ఉంది. నెమ్మదిగా వెళ్తుంది, కస్టమ్స్ ఫారం మనమే నింపాలి. తొందర లేని పుస్తకాలకి అడిగి చూడదగినదే.

| ఏం చూడాలి | ఎయిర్‌లైన్ అదనపు పెట్టె | కొరియర్ | కార్గో |
|---|---|---|---|
| దేనికి డబ్బు | పెట్టెకి, 23 కిలోల వరకు | బరువు, పరిమాణంలో ఎక్కువైన దానికి | అలాగే, మెట్ల రేటుతో |
| ఎప్పుడు లాభం | 14 కిలోలు దాటితే, లేదా చోటు తినే సామాను | కొద్ది కిలోల బరువు వస్తువులు | 45 కిలోల పైన, నిజానికి వంద దగ్గర |
| కొత్త వస్తువుల హద్దు | 430 యూరోలు | కానుకైతే 45 యూరోలు | మకాం మార్పు షరతులు |
| మందులు | మూడు నెలలకి సరిపడా | వద్దు | వద్దు |
| ఎక్కడ అందుతుంది | బెల్టు మీద | తలుపు దగ్గర, పేరు ఉంటే | కార్గో గోదాంలో |

(14 కిలోలు పైన నేను అనుకున్న ధరలకి వచ్చిన అంకె. మీ ధరలతో మారుతుంది.)

మరి ఎవరు ఏం చేయాలి?

టికెట్‌లో ఒకే పెట్టె ఉన్న విద్యార్థి రెండోది ఆన్‌లైన్‌లో కొని, దాన్ని 22 కిలోల దాకా నింపుకోవడమే నేను చెప్పే మాట. మందులు, చలి బట్టలు, కుక్కర్ వెంట వెళ్లిపోవాలి. మిగిలిన ఐదారు కిలోల పచ్చళ్లూ పొడులూ నెల తర్వాత, 45 యూరోల లోపు విలువ నిజంగా ఉండేలా, కొరియర్‌లో అమ్మ పంపితే అది నిజమైన కానుకే. రెండు పెట్టెలు ముందే ఉన్నవాళ్లకి మూడోది చాలావరకు అక్కర్లేదు. మూడో పెట్టెతో రైలు మారి, మెట్లెక్కి గది చేరడం ఒంటరి మనిషికి ఎంత కష్టమో కూడా లెక్కలో వేసుకోండి.

అమెరికా వెళ్లేవాళ్లకి కొరియర్ వైపు ఇంకా బిగుసుకుంది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు, కానుకలకి 100 డాలర్ల హద్దు మిగిలింది. అక్కడికి ఎయిర్‌లైన్ పెట్టె వైపే మొగ్గాలి.

ఇన్ని చూసుకున్నా పెట్టె కస్టమ్స్‌లో ఆగవచ్చు. ట్రాకింగ్‌లో రోజుల తరబడి కస్టమ్స్ దగ్గరే కదలకుండా కనబడితే అదే గుర్తు. పోస్టు పార్సిలైతే దగ్గర్లోని కస్టమ్స్ ఆఫీసుకి వచ్చి తీసుకెళ్లమని పిల్లాడికి ఉత్తరం వస్తుంది, కొరియర్ అయితే మెయిల్‌లో కాగితాలు అడుగుతారు. రెండింట్లోనూ గడువు ఉంటుంది, దాటితే పెట్టె వెనక్కి బయలుదేరుతుంది. పాస్‌పోర్టు, అడ్మిషన్ పత్రం, సామాను జాబితా, కొత్తవాటి బిల్లులు ఉంటే చాలు. జాబితా ఇంగ్లీషులో, వస్తువు వారీగా, ఎన్ని ఉన్నాయో విలువెంతో రాసి, "పాత బట్టలు" అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా ఉంచండి. దాని ఫొటో పిల్లాడి ఫోన్లో ముందే ఉండాలి.